కార్డు ఫుల్ అంటే చెరపొద్దు, ముందు కాపీ తీయండి

(ఫొటోగ్రాఫర్లు, స్టూడియో కుర్రాళ్ళ సమావేశంలో మెమరీ కార్డుల మీద ఇచ్చిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారమండి. పెద్దలున్నారు, కొత్తగా కెమెరా పట్టిన తమ్ముళ్ళున్నారు, ఇంటి ఫొటోల కోసం ఫోను మాత్రమే వాడే అమ్మలూ వచ్చారు. అందరికీ అర్థమయ్యేలా నిదానంగా చెబుతాను. మధ్యలో అనుమానం వస్తే ఆపి అడగండి.

నేను చేసే పని పోయిన ఫొటోలు వెనక్కి తీయడం. కార్డులు పట్టుకుని షాపుకొచ్చేవాళ్ళలో నిజంగా కార్డు చెడిపోయి వచ్చేవాళ్ళు తక్కువ. ఎక్కువమంది, కార్డు ఫుల్ అని చూపించిన తర్వాతి పది నిమిషాల్లో తొందరపడి ఏదో ఒకటి చేసి వచ్చినవాళ్ళే. జాగా చేద్దామని కొన్ని డిలీట్ కొట్టేస్తారు. కాపీ అయిపోయిందనుకుని ఫార్మాట్ చేసేస్తారు. కట్ చేసి పేస్ట్ చేస్తుంటే మధ్యలో వైరు ఊడుతుంది. అందుకని ఇవాళ ఆ పది నిమిషాల గురించే మాట్లాడతాను.

ముందు, చెరిపితే కార్డులో ఏం జరుగుతుందో చెబుతాను. ఇది తెలిస్తే మిగతాదంతా తేలిక. కార్డులో రెండు భాగాలున్నాయనుకోండి. ఒకచోట ఫొటోలుంటాయి, ఇంకోచోట ఏ ఫొటో ఎక్కడుందో రాసుకున్న పట్టిక ఉంటుంది. మీరు డిలీట్ కొడితే కెమెరా ఫొటో జోలికి పోదు, పట్టికలో ఆ పేరు మీద గుర్తు పెట్టి ఈ జాగా ఖాళీ అని రాసుకుంటుంది, అంతే. అడంగల్‌లో పేరు కొట్టేసినంత మాత్రాన పొలం ఎక్కడికీ పోదు కదా, పైరు అక్కడే ఉంటుంది. ఇంకొకడొచ్చి దున్నితేనే ఆ పైరు పోయేది. కొత్త ఫొటో తీయడమంటే ఆ దున్నడమే. కెమెరాలో మామూలు ఫార్మాట్ కూడా ఇదే పని చేస్తుంది, కాకపోతే ఒక్కో పేరు కాకుండా పట్టిక మొత్తం కొత్తగా రాసేస్తుంది. అందుకే ఫార్మాట్ అయిన కార్డు మీద ఇంకేమీ తీయకుండా తెస్తే చాలావరకు వెనక్కి వస్తాయి. పది ఫొటోలు తీసి తెస్తే ఆ పది ఎక్కడ కూర్చున్నాయో అక్కడున్నవి పోతాయి. వాటిని ఎవరూ తేలేరు.

కొన్ని కెమెరాల్లో ఫార్మాట్ పక్కనే Low level format అని ఒక టిక్ ఉంటుంది. అది పెడితే పట్టికతో ఆగదు, లోపలున్న ఫొటోలు కూడా పోతాయి. కార్డు నెమ్మదించినప్పుడు పనికొచ్చేదే కానీ, ఆ టిక్ ఎప్పుడూ పెట్టి ఉంచకండి. పొరపాటు జరిగిన రోజున వెనక్కి రావడానికి దారి ఉండదు.

సరే, ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. ఒక పెళ్ళి కార్డు తీసుకుందాం.

64 జీబీ కార్డు. 24 మెగాపిక్సెల్ కెమెరా, రా ప్లస్ జేపెగ్ పెట్టారు. ఒక్క నొక్కుకి రెండు ఫైళ్ళు, కెమెరా పట్టింది పట్టినట్టే ఉంచే రా ఒకటి, మామూలు ఫొటో జేపెగ్ ఒకటి, రెండూ కలిపి దాదాపు 36 ఎంబీ. తలంబ్రాలు అయ్యేసరికి 1,650 నొక్కులయ్యాయి, మూడు చిన్న వీడియోలు కూడా తీశారు. కెమెరా ఫుల్ అంది. ఇందులో వింతేం లేదు. 36 ఎంబీని 1,650తో గుణిస్తే 59,400 ఎంబీ. కార్డులో మొత్తం 64,000 ఎంబీ. మిగిలింది వీడియోలు తిన్నాయి. అదే కార్డుని కంప్యూటర్లో పెడితే 64 కాకుండా 59.6 జీబీ అని చూపిస్తుంది, దాన్ని చూసి కార్డు పాడైందనుకోకండి. కంపెనీ వెయ్యి చొప్పున లెక్కగడుతుంది, విండోస్ 1,024 చొప్పున లెక్కగడుతుంది.

మండపంలో ఉన్నప్పుడు చేయాల్సింది ఒక్కటే. కార్డు తీసి జేబులో వేసుకుని రెండో కార్డు పెట్టండి. అక్కడే కూర్చుని కళ్ళు మూసినవి, కదిలినవి ఏరి డిలీట్ కొట్టకండి. వెనకాల పురోహితుడు పిలుస్తుంటాడు, ఇంకోపక్క పెళ్ళికూతురి తండ్రి పిలుస్తుంటాడు, చిన్న స్క్రీన్ మీద బొటనవేలితో ఏది నొక్కుతున్నారో మీకే తెలియదు. పెద్ద ఎస్‌డీ కార్డుకి ఎడమపక్కన చిన్న తాళం మీట ఉంటుంది. దాన్ని కిందికి, లాక్ వైపు లాగండి. ఇక ఏ కెమెరా దాని మీద రాయలేదు, చెరపలేదు. నిండిన కార్డు, ఖాళీ కార్డు ఒకే జేబులో కలిసిపోయినా చేత్తో తడిమితే తెలుస్తుంది. మైక్రో ఎస్‌డీకి ఈ మీట లేదు, దాన్ని అడాప్టర్లో పెడితే అడాప్టర్ మీట పనిచేస్తుంది.

ఇంటికొచ్చారు. కార్డు రీడర్లో పెట్టారు. తెరవగానే DCIM అని ఒక ఫోల్డర్, దాని లోపల 100CANON. మన కుర్రాడు ఆ 100CANON తెరిచి, కంట్రోల్ ఏ, కంట్రోల్ సీ కొట్టి, డెస్క్‌టాప్ మీద ఒక ఫోల్డర్లో పేస్ట్ చేశాడు. కాపీ అయింది, ఎక్కడా ఎర్ర గుర్తు రాలేదు. కార్డు తీసి కెమెరాలో పెట్టి ఫార్మాట్ కొట్టాడు. మర్నాడు ఆల్బమ్ కోసం చూస్తే మాంగల్యధారణ లేదు, తలంబ్రాలు లేవు.

ఎక్కడికి పోయాయి? కెమెరా ఫైలు నంబరు నాలుగంకెలే, IMG_9999 దాకా వెళ్తుంది. ఆ తర్వాత కెమెరా తనంతట తానే 101CANON అని కొత్త ఫోల్డర్ తెరిచి IMG_0001 నుంచి మళ్ళీ మొదలుపెడుతుంది. మన కార్డులో మొదటి ఫోల్డర్లో IMG_9210 నుంచి IMG_9999 దాకా ఉన్నాయి, అంటే 790 నొక్కులు. రెండో ఫోల్డర్లో IMG_0001 నుంచి IMG_0860 దాకా. కుర్రాడు మొదటి ఫోల్డర్ మాత్రమే తీశాడు. సగానికిపైగా పెళ్ళి రెండో ఫోల్డర్లో ఉండిపోయింది.

కాబట్టి ఫోల్డర్ లోపలికి వెళ్ళి ఫొటోలు పట్టుకోకండి. DCIM ఫోల్డర్ మొత్తాన్ని పట్టుకోండి. ఇంకా మంచిది, కార్డులో పైకి కనిపించే ఫోల్డర్లన్నీ తీసుకోండి. ఎందుకంటే సోనీ కెమెరాలవాళ్ళకి వీడియో DCIMలో ఉండదు. PRIVATE అనే ఫోల్డర్లో M4ROOT, దాని లోపల CLIP, అక్కడుంటాయి ఎక్స్‌ఏవీసీ ఎస్ వీడియోలు. DCIM ఒక్కటే తీస్తే ఫొటోలొస్తాయి, వీడియో మిగిలిపోతుంది.

ఇందులోనే రెండో ప్రమాదం కూడా ఉంది. ఒక పెళ్ళికి ఇద్దరు తీస్తారు. రెండు కెమెరాల్లోనూ IMG_0001 ఉంటుంది. మొదటి కార్డు పేస్ట్ చేసిన ఫోల్డర్లోనే రెండోది పేస్ట్ చేస్తే, ఈ పేర్లు ఇప్పటికే ఉన్నాయని విండోస్ ఆపి అడుగుతుంది. పైన Replace the files in the destination అని ఉంటుంది. నిద్రమత్తులో దాని మీద నొక్కామా, మొదటి కార్డు ఫొటోల మీద రెండో కార్డు ఫొటోలు కూర్చుంటాయి. ఆ ప్రశ్న వచ్చిందంటేనే తప్పు ఫోల్డర్లో పేస్ట్ చేస్తున్నారని అర్థం. కాపీ ఆపేసి కొత్త ఫోల్డర్ చేసుకోండి. కార్డుకొక ఫోల్డర్, అది ఖాళీగానే మొదలవ్వాలి. తేదీ, పార్టీ పేరు, ఎవరి కెమెరా, ఎన్నో కార్డు, ఇవి పేరులో ఉంటే చాలు.

కట్ మాత్రం ఎప్పుడూ వద్దు. ఒక డ్రైవ్ నుంచి ఇంకో డ్రైవ్‌కి కట్ చేయడమంటే కంప్యూటర్ కాపీ చేసి, తర్వాత అసలుది చెరపడమే. మీరు సరిచూసుకునే వ్యవధి ఇవ్వకుండా చెరిపేస్తుంది. రీడర్ కదిలినా, కరెంటు పోయినా, సగం ఇక్కడ, సగం అక్కడ. పైగా కార్డు నుంచి విండోస్‌లో డిలీట్ అయినవి రీసైకిల్ బిన్‌లోకి రావు, నేరుగా పోతాయి.

కాపీ అయ్యాక సరిచూడటం ఎలాగో చెబుతాను, ఎక్కువమంది వదిలేసేది దీన్నే. కార్డులో DCIM మీద రైట్ క్లిక్ చేసి Properties తెరవండి. కంప్యూటర్లో కాపీ చేసిన DCIM మీద కూడా అలాగే తెరవండి. రెండు కిటికీలూ పక్కపక్కన పెట్టుకోండి. ఫైళ్ళ సంఖ్య, ఫోల్డర్ల సంఖ్య రెండింట్లో ఒకటే ఉండాలి. మన పెళ్ళి కార్డులో 3,300 ఫొటో ఫైళ్ళు, మూడు వీడియోలు. కెమెరా తన అవసరానికి రాసుకున్న చిన్న ఫైలు ఒకటో రెండో కలవవచ్చు, ఫర్వాలేదు, రెండుపక్కలా లెక్క ఒకటైతే సరి. తర్వాత Size అన్న వరుసలో బ్రాకెట్లో బైట్ల సంఖ్య పూర్తిగా ఉంటుంది. అది చివరి అంకె దాకా కలవాలి. దాని కింద Size on disk అని ఇంకో వరుస ఉంటుంది, అది కలవదు, కలవక్కర్లేదు. కార్డు, హార్డ్ డిస్క్ జాగాని వేర్వేరు కొలతల్లో ముక్కలు చేసుకుంటాయి కాబట్టి అది తేడాగానే వస్తుంది. ఆ తేడా చూసి భయపడి రెండుసార్లు కాపీ చేసినవాళ్ళున్నారు.

లెక్క కలిస్తే అన్నీ వచ్చాయని తెలుస్తుంది. ఫొటో బాగుందో లేదో తెలియాలంటే తెరిచి చూడాలి. చిన్న బొమ్మలు వరుసగా కనబడుతున్నాయి కదా అని వదిలేయకండి. జేపెగ్ ఫైల్లో మొదట్లోనే 160 బై 120 సైజులో బుల్లి బొమ్మ ఒకటి దాచి ఉంటుంది. కంప్యూటర్ చాలాసార్లు దాన్నే తీసి చూపిస్తుంది. వెనకాల అసలు ఫొటో సగంలో తెగిపోయినా ఆ బుల్లి బొమ్మ చక్కగా ఉంటుంది. డబుల్ క్లిక్ చేసి పెద్దది చేస్తే అప్పుడు పైన పెళ్ళికూతురి ముఖం, కింద సగం బూడిదరంగు పట్టీ. కాపీ ఆగిపోయిందన్న అనుమానముంటే మొదట చివరి ఫైలు తెరవండి. తర్వాత ఒక్కో ఫోల్డర్లో మొదటిది, మధ్యలో కొన్ని, వీడియో అయితే చివరి నిమిషం.

రోజూ ఈ పనే చేసేవాళ్ళకి విండోస్‌లో ముందే ఉన్న ఒక ఆదేశం చెబుతాను, రాసుకోండి. కార్డు E డ్రైవ్ అనుకుంటే కమాండ్ ప్రాంప్ట్‌లో ఇలా:

```
robocopy E:\DCIM D:\Pelli\CardA\DCIM /E /R:1 /W:1
```

లోపలి ఫోల్డర్లన్నీ తీసుకోమని చెప్పేది ఆ స్లాష్ ఈ. చదవలేని ఫైలు తగిలితే ఒక్కసారి మళ్ళీ ప్రయత్నించి ముందుకెళ్ళమని మిగతా రెండూ. అవి పెట్టకపోతే చెడ్డ ఫైలు దగ్గర అరనిమిషానికోసారి ప్రయత్నిస్తూ అక్కడే కూర్చుంటుంది. అయిపోయాక కింద ఒక పట్టిక వస్తుంది, అందులో FAILED కింద సున్నా ఉండాలి. తర్వాత అదే ఆదేశం మళ్ళీ కొట్టండి. ఈసారి Copied కింద సున్నా, Skipped కింద మొత్తం ఫైళ్ళు చూపించాలి. అంటే అన్నీ ఇప్పటికే అక్కడున్నాయని అది ఒప్పుకున్నట్టు.

అప్పుడు కూడా ఫార్మాట్ వద్దు. కంప్యూటర్లోకి వచ్చింది ఒక్క కాపీ. దాన్నుంచి కాకుండా కార్డు నుంచే బయటి హార్డ్ డిస్క్‌లోకి రెండో కాపీ తీయండి. రెండూ సరిచూశాక కార్డు మీట పైకి జరిపి కెమెరాలో పెట్టి, కెమెరా మెనూలోనే ఫార్మాట్ చేయండి. కంప్యూటర్లో ఫార్మాట్ చేస్తూ ఎన్‌టీఎఫ్‌ఎస్ అనే పద్ధతి ఎంచుకున్నారంటే కెమెరా ఆ కార్డుని గుర్తుపట్టదు. కెమెరా తనకి కావలసిన పద్ధతిలోనే పట్టిక రాసుకుంటుంది, 32 జీబీ దాకా ఎఫ్‌ఏటీ 32, ఆ పైన ఎక్స్‌ఫ్యాట్. ఇంకొకటి గుర్తుపెట్టుకోండి. ఫొటో మీద తాళం గుర్తు, అంటే ప్రొటెక్ట్ పెట్టి ఉంటే డిలీట్ ఆల్ కొట్టినా అది పోదు. ఫార్మాట్‌కి మాత్రం ఆ తాళం అడ్డం కాదు, అన్నీ పోతాయి. అన్నీ డిలీట్ చేశాను, అయినా కార్డు సగం నిండినట్టే చూపిస్తోంది అనేవాళ్ళ కార్డులో తరచుగా ఉండేవి ఈ తాళం పెట్టిన ఫొటోలే. మ్యాక్ వాడేవాళ్ళకైతే ఇంకో కారణం ఉంది. అక్కడ కార్డులోంచి డిలీట్ చేసినవి కార్డులోనే .Trashes అన్న కనబడని ఫోల్డర్లో కూర్చుంటాయి. కార్డు పెట్టి ఉండగానే ట్రాష్ ఖాళీ చేయాలి.

ఇక ఫోన్లు. అమ్మా, మీరు ఇందాక గుమ్మం దగ్గర అడిగారు, ఫోన్లో కార్డు ఫుల్ అంటోంది, ఫొటోలు చెరిపినా తగ్గట్లేదని. గ్యాలరీలో చెరిపిన ఫొటో వెంటనే పోదమ్మా. ట్రాష్‌లోకో బిన్‌లోకో వెళ్ళి చాలా ఫోన్లలో 30 రోజులుంటుంది. ఆ 30 రోజులూ కార్డులో జాగా తింటూనే ఉంటుంది. కార్డుని కంప్యూటర్లో పెట్టి దాచిన ఫైళ్ళు కూడా చూపించమంటే, పేరు ముందు .trashed అని ఉన్నవి కనిపిస్తాయి, అవే ఇవి. ఇది మీకు మేలు చేసే ఏర్పాటే. మనవడు పొరపాటున చెరిపినా అక్కడినుంచి వెనక్కి తెచ్చుకోవచ్చు. కాపీ తీసుకున్నాకే ఆ ట్రాష్ ఖాళీ చేయండి.

గూగుల్ ఫొటోస్ వాడేవాళ్ళు ఈ తేడా తెలుసుకోవాలి. అందులో Free up space నొక్కితే, గూగుల్ దగ్గరికి చేరిన ఫొటోలని ఫోన్లోంచి మాత్రమే తీసేస్తుంది. అలా కాకుండా మీరే ఫొటో ఎంచుకుని డిలీట్ కొడితే ఫోన్లోంచీ పోతుంది, గూగుల్ దగ్గరనుంచీ పోతుంది. అక్కడ ఉంది కదా అని ఇక్కడ చెరిపి, రెండుచోట్లా పోగొట్టుకున్నవాళ్ళు నా దగ్గరికి వస్తూనే ఉంటారు. పైగా కెమెరా ఫోల్డర్ తప్ప మిగతా ఫోల్డర్లు, కార్డులో మీరు చేసుకున్నవి, వాట్సాప్‌వి, మీరు విడిగా ఆన్ చేస్తే తప్ప గూగుల్‌కి వెళ్ళవు.

ఫోన్లో కార్డుని తీసే ముందు ఒక్క సంగతి చూడాలి. 2015లో వచ్చిన ఆండ్రాయిడ్ 6 నుంచి కొన్ని ఫోన్లు కార్డు పెట్టగానే ఒక ప్రశ్న అడుగుతాయి, ఇంటర్నల్‌గా వాడనా, పోర్టబుల్‌గా వాడనా అని. ఇంటర్నల్ అన్నారంటే ఫోను ఆ కార్డుని ఫార్మాట్ చేసి, తనదైన తాళంచెవితో మొత్తం గుప్తంగా రాసుకుంటుంది. ఆ తాళంచెవి ఫోన్లోనే ఉంటుంది. ఆ కార్డు తీసి రీడర్లో పెడితే కంప్యూటర్‌కి అది చదవరాని గీతల్లా ఉంటుంది, ఫార్మాట్ చేయమని అడుగుతుంది. చేశారంటే అయిపోయింది. ఆ ఫోన్‌ని ఫ్యాక్టరీ రీసెట్ చేసినా అంతే, తాళంచెవి పోతుంది, కార్డు చేతిలో ఉన్నా ఫొటోలు ఉండవు. నేను కూడా ఏమీ చేయలేను. అందుకని సెట్టింగ్స్‌లో స్టోరేజ్ తెరిచి చూడండి. కార్డు పోర్టబుల్ అని ఉంటే ఫోన్లోనే ముందు అన్‌మౌంట్ చేసి, తీసి, రీడర్లో పెట్టి పెళ్ళి కార్డుకి చెప్పినట్టే కాపీ చేసుకోండి. ఇంటర్నల్ అని ఉంటే కార్డు తీయకండి. ఫోనునే కేబుల్‌తో కంప్యూటర్‌కి కలిపి, File transfer ఎంచుకుని, అందులోంచి కాపీ చేయండి.

ఇప్పుడు ప్రశ్నలు. చెప్పు తమ్ముడూ.

ప్రశ్న: అన్నా, నిన్నటిదాకా బాగున్న కార్డు రీడర్లో పెట్టగానే ఫార్మాట్ చేయమంటోంది. ఫార్మాట్ చేసి, తర్వాత సాఫ్ట్‌వేర్‌తో వెనక్కి తీయొచ్చా?

ముందు Cancel కొట్టు తమ్ముడూ. You need to format the disk అని అది అడగడానికి కారణాలు చాలా ఉన్నాయి. పాత రీడర్ అయితే 32 జీబీ దాటిన కార్డుల్ని చదవలేకపోవచ్చు, అప్పుడు కార్డు తప్పేం లేదు. కొత్త రీడర్లో పెట్టు, కెమెరాలోనే పెట్టి చూడు. కెమెరాలో ఫొటోలు కనిపిస్తే కెమెరానే కేబుల్‌తో కలిపి కాపీ తీసేయ్. అక్కడా కనిపించకపోతే పట్టిక పాడయిందన్నమాట. పట్టిక పాడైనప్పుడు దాని మీద ఇంకో పట్టిక రాయించడం ఎందుకు? మీట లాక్ వైపు లాగి, ఫొటోరెక్ అనే ఉచిత ప్రోగ్రాంతో ప్రయత్నించు. అది పట్టికని నమ్మదు. కార్డు మొదటినుంచి చివరిదాకా చదువుతూ జేపెగ్ ఇలా మొదలవుతుంది, రా ఇలా మొదలవుతుంది అన్న గుర్తులు పట్టుకుని తీస్తుంది. పట్టికతో పనిలేదు కాబట్టి పాత పేర్లు రావు, వేరే నంబర్లతో వస్తాయి. ఫొటో లోపల రాసి ఉన్న తేదీ, టైము ఉంటాయి, వాటితో వరుస పెట్టుకోవచ్చు. వెనక్కి తీసినవి పొరపాటున కూడా ఆ కార్డులోకే సేవ్ చేయకు, కంప్యూటర్లోకి తీయాలి. పెద్ద వీడియోలు మాత్రం కార్డులో ముక్కలు ముక్కలుగా పడి ఉంటే అతుక్కోవు, సగమే ఆడతాయి. ఇక ఏ రీడర్లో పెట్టినా డ్రైవ్ అన్నదే కనిపించకపోతే అది కార్డు లోపలి చిప్పు జబ్బు. దానికి ఏ సాఫ్ట్‌వేరూ పనిచేయదు, చిప్పుని విడిగా చదివే ల్యాబ్‌కి పంపాలి.

ప్రశ్న: సంతలో తక్కువకొస్తే 128 జీబీ కార్డు కొన్నాను. ఫొటోల పేర్లన్నీ ఉన్నాయి, మొదట తీసినవి తెరుచుకుంటున్నాయి, తర్వాతవి తెరుచుకోవట్లేదు. ఫుల్ అని కూడా ఎప్పుడూ అనలేదు.

అది 128 జీబీ కార్డు అయి ఉండదండి. లోపల ఎనిమిదో పదహారో జీబీ చిప్పు పెట్టి, 128 అని చెప్పేలా మార్చిన నకిలీ కార్డు లక్షణాలివి. నిజంగా ఉన్న జాగా అయిపోయాక కూడా తీసుకుంటున్నట్టే నటిస్తుంది, రాసింది ఎక్కడా నిలవదు, లేదా పాతవాటి మీదే పడుతుంది. పేర్లు పట్టికలో ఉంటాయి కాబట్టి కనిపిస్తాయి. తెరుచుకోని వాటిలో ఏమీ ఉండదు, అవి రావు. తెరుచుకునేవాటిని ఈ రాత్రికే కాపీ తీసేయండి. ఆ తర్వాత అనుమానం తీర్చుకోవాలంటే ఖాళీ చేసి హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ప్రోగ్రాం నడపండి. అది కార్డు నిండా రాసి, రాసిందంతా తిరిగి చదివి, నిజంగా ఎంత జాగా ఉందో చెబుతుంది. పెద్ద కార్డుకి గంటల తరబడి పడుతుంది, రాత్రి పెట్టి పడుకోండి. ఇకనుంచి కొత్త కార్డు ఏది కొన్నా మొదటి ఫంక్షన్‌కి పట్టుకెళ్ళే ముందే ఈ పరీక్ష చేయండి, బిల్లు చేతిలో ఉండగానే తిరిగిచ్చేయొచ్చు.